పదకొండు సెకన్ల మౌనం

కొల్హాపూర్‌లోని ‘దైనిక్ పంచధార’ పత్రికలో కుముదినీ పోవార్ ఇరవై ఆరేళ్లుగా చేసిన పనల్లా ఒక్కటే, ఫోన్లో వార్తలు దించుకోవడం. తాలూకా విలేకరులు బస్టాండుల్లోంచి, చక్కెర ఫ్యాక్టరీ గేట్ల దగ్గర్నుంచి గొంతు చించుకుని చెబుతుంటే, చెవికీ భుజానికీ మధ్య రిసీవరు ఇరికించుకుని టకటకా కొట్టేసేది. చివర్లో “ఆగు నాయనా, చదువుతాను, విను” అని మొత్తం వినిపించనిదే ఎవణ్నీ ఫోను పెట్టనిచ్చేది కాదు.

ఉద్యోగంలో చేరిన ఏడాదే ఒకసారి లైను గరగరలాడితే, వినబడని ముక్కను ఊహించి రాసి, నిక్షేపంలా ఉన్న సర్పంచిని మర్నాటి పేపర్లో చంపేసింది. ఆయన స్వయంగా ఆఫీసుకొచ్చి, “బతికే ఉన్నానమ్మా” అని నవ్వి, టీ తాగి వెళ్లాడు. తిట్టినా బాగుండేది! ఆ కప్పు కడుగుతూ కుముదిని వెక్కివెక్కి ఏడ్చింది. ఆనాటి నుంచి అవతలివాళ్లు మాట్లాడనిచోట, వినబడనిచోట, కాగితం మీద ఒక అడ్డగీత గీసి ఊరుకుంటుంది. తన మాట ఒక్కటీ పెట్టదు.

ఇప్పుడు ఎవరికి కావాలి ఆ గీతలు? విలేకరులు సెల్‌ఫోన్లో రికార్డు చేసుకొస్తున్నారు. ఏఐ దాన్ని టీ చల్లారేలోపు అక్షరాల్లోకి దించిపెడుతోంది. కుముదిని కుర్చీ అందరి సంచులూ పెట్టుకునే చోటయిపోయింది. ఒకటో తేదీ నుంచి చిన్న ప్రకటనల కౌంటరులో కూర్చోవాలని చేతికో ఉత్తరం కూడా వచ్చింది. పెళ్లి సంబంధాలు, అద్దె ఇళ్లు, పోయిన సర్టిఫికెట్లు! ఆ ఉత్తరాన్ని సొరుగులో పడేసి తాళం వేసింది. తాళం వేస్తే ఒకటో తేదీ రాదా? పిచ్చి మనసు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, లేని కోర్టు తీర్పు ఒకటి ఏఐ రాసిచ్చిన సారాంశంలోంచి నేరుగా మూడో పేజీకెక్కింది. సంపాదకుడు శ్రీరంగ ఇనామ్‌దార్ తలెత్తుకోలేక రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. సోమవారం నాడు రెండు పేజీల ఆదేశం రాసి టీ బల్ల పక్కన గోడకు గుచ్చాడు. ఏఐ చెప్పింది ఆధారం కాదు, ఆధారం వెతుక్కోవడానికి దారి మాత్రమే. పేరు, అంకె, తేదీ మూలంతో సరిచూడాలి. ఎక్కడ వాడారో వార్త కాపీ తల మీద రాయాలి. రహస్యంగా సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లూ కాగితాలూ బయటి యంత్రాల్లో పెట్టకూడదు. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న ప్రతి మాటనూ, రాసినవారు కాక ఇంకొకరు అసలు రికార్డింగులో చెవులారా విని, ఎన్నో నిమిషమో వేసి సంతకం చేయాలి.

కుముదిని ఆ ఆఖరి వాక్యాన్ని మూడుసార్లు చదువుకుంది. టీ పోసుకుంటున్న అవినాశ్ ఖాడే, పేజీలు కట్టేవాడు, నవ్వాడు. ఆఫీసులో అందరికీ ఆమె తాయీ, అంటే అక్క. “నీ చెవులకి రోజులొచ్చాయి తాయీ!”

“ఒకటో తేదీ దాకానేలే” అంది ఆమె.

గురువారం సాయంత్రం జిల్లా పేజీలు అయిదింటికల్లా అచ్చుకి వెళ్లిపోవాలి. నాలుగుంపావుకి ఇనామ్‌దార్ సొంత కాపీ అవినాశ్‌కి వచ్చింది, కుముదిని పక్కనుంచి చదివింది. హెర్లేవాడిలో అరవై మూడు మందికి కామెర్లు. తానే వెళ్లి పంపుహౌసులో వాల్వు తిప్పే బాబాసో చౌగులేతో మాట్లాడొచ్చాడు. పెద్ద అక్షరాల పెట్టెలో బాబాసో మాట: “నీళ్లు చెడిపోయాయని నాకు ముందే తెలుసు. ఎవరికీ చెప్పలేదు.”

ఈ మాట అచ్చయితే పొద్దుటికల్లా ఆ మనిషి ఉద్యోగం పోతుంది, ఊళ్లో చెప్పులు పడతాయి. మరి సంతకమేదీ? నిమిషమేదీ? లేవు.

“సాహెబు కాపీకి కూడా అడుగుతావేంటి తాయీ?” అవినాశ్ గొంతు తగ్గించాడు. “ఒకటో తేదీ దాకా ఎందుకు, ఇవాళే కౌంటరుకి పంపించేస్తాడు.”

పంపిస్తే పంపించనీ! ఆమె లేచి సంపాదకుడి గదిలోకి వెళ్లింది.

“సాహెబ్, చౌగులే రికార్డింగు ఒకసారి ఇస్తారా?”

ఇనామ్‌దార్ తలెత్తలేదు. “నేను ఎదురుగా కూర్చున్నాను కుముద్ తాయీ. నా చెవులతో విన్నాను.”

“రాసినవారు కాక ఇంకొకరు అన్నారు మీరే.”

ఆయన ముఖం కందగడ్డయింది. గోడ వైపు చూశాడు, గడియారం చూశాడు, ఫోను బల్ల మీద ఆమె వైపుకి తోశాడు.

పద్నాలుగో నిమిషం. “నీళ్లు పాడయ్యాయని మీకు ముందే తెలుసా?” అని ఇనామ్‌దార్ గొంతు. ఆ తర్వాత మోటారు హోరు. హోరు, హోరు, ఒక దగ్గు. మళ్లీ ఇనామ్‌దారే, “పోనీ వదిలేయండి.” ఆమె వెనక్కి తిప్పి మూడుసార్లు విని, గడియారం ముల్లు పట్టి లెక్కపెట్టింది. పదకొండు సెకన్లు. మాట లేదు.

“వినండి” అని చెవిలో పెట్టుకునేవి ఆయనకిచ్చింది.

ఇనామ్‌దార్ విన్నాడు. రెండోసారి విన్నాడు. కళ్లద్దాలు తీసేశాడు. “వాడు నోరు తెరవలేదు... చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. ఏఐ దించిన అక్షరాల్లో చూసేసరికి అన్నాడనే అనుకున్నాను.”

“ఆ హోరులో మాట కోసం వెతికి, ముందు ప్రశ్నకి అతికేట్టు అదే ఓ జవాబు అల్లేసింది సాహెబ్. తడబాటు కూడా లేకుండా ఎంత చక్కగా రాసిందో చూడండి, అందుకే నమ్మాలనిపిస్తుంది.”

“తీసేద్దాం” అన్నాడాయన, నీరసంగా.

“తీసేస్తే చాలదు. ఎందుకు మాట్లాడలేదో అడుగుదాం.”

బాబాసోకి ఫోను కలిపింది. విషయం చెప్పింది. “ఇంజినీరు సాహెబు నా పక్కనే నిలబడ్డాడు కదా తాయీ, ఏం చెప్పమంటారు? పన్నెండో తారీఖునా, పదిహేనునా, పంతొమ్మిదినా రంగు మారిందని రిజిస్టర్లో రాశాను. ఆయన సంతకాలే ఉన్నాయి కింద.”

అమ్మయ్య! పది నిమిషాల్లో మూడు పేజీల ఫొటోలు వచ్చాయి. ఇనామ్‌దార్ తేదీలు తానే సరిచూసి, ఇంజినీరుకి ఫోను చేసి సంతకాల సంగతి అడిగాడు. “చూసి చెబుతాను” అని పెట్టేశాడతను. ఆ మాటే కాపీలోకి ఎక్కింది. పెట్టెలో ఇప్పుడు రిజిస్టరు పేజీ ఉంది.

ఇనామ్‌దార్ టీ బల్ల దగ్గరికి నడిచి, ఆదేశం కింద పెన్నుతో రాశాడు: సంపాదకుడి కాపీకీ ఇదే నియమం. రెండో చెవి, కుముదినీ పోవార్. “ఆ ఉత్తరం ఇటివ్వండి” అన్నాడు వెనక్కి తిరిగి. ఆమెకు తాళంచెవి ఎక్కడ పెట్టిందో చప్పున గుర్తురాలేదు. అవినాశ్ ఆమె కుర్చీలోంచి సంచులన్నీ తీసి కింద పడేశాడు.

అయిదుకి ఇంకా పావుగంట ఉంది. ఆమె మళ్లీ హెర్లేవాడికి ఫోను చేసింది.

“బాబాసో, మీ ముక్క చదువుతాను, వినండి.” నిదానంగా చదివింది. “మీ పేరు వేయమంటారా, వద్దా? వద్దంటే వేయం.”

అవతల మోటారు హోరు. మాట లేదు. కుముదిని కాగితం మీద అడ్డగీత గీసి, పెన్ను మూత పెట్టి, కూర్చుంది. అవినాశ్ గడియారం చూపించాడు. చెయ్యెత్తి ఆగమంది.

“వేయండి తాయీ” అన్నాడు బాబాసో చివరికి. “రాసింది నేనేగా.”

ఆమె గీత పక్కన ఆ మాట రాసి, గంటా నిమిషమూ వేసి, సంతకం చేసింది.