మేష్టారి శుద్ధప్రతి

కాలేజీ గేటుకి ఎదురుగా, జిరాక్స్ మిషన్ వేడికి గోడ పెచ్చులూడిపోయిన ఒక ఇరుకు గదిలో ఆవిడ ఇరవై రెండేళ్ళుగా టైపు కొడుతోంది. ఆవిడకి ఒక పేరంటూ ఉండే ఉంటుంది గానీ దాంతో ఎవరికీ పని పడలేదు. లెక్కల డిపార్టుమెంటులో అటెండరు దగ్గర్నుంచి పెద్దాయన దాకా అందరికీ ఆవిడ లేటెక్ అక్కే. చేతిరాతలో ఉన్న సమీకరణాలు అచ్చు పుస్తకంలో లాగా తీరుగా పడాలంటే కంప్యూటర్లో లేటెక్ అనే పద్ధతిలో కొట్టాలి, ఆ చుట్టుపక్కల అది చేతనైన మనిషి ఆవిడొక్కతే.

ఒట్టి టైపిస్టు అనుకుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. డిగ్రీలో లెక్కలు రెండేళ్ళు చదివింది. మూడో ఏడు తండ్రి మంచాన పడితే పుస్తకాలు కట్టగట్టి అటకెక్కించింది. చదువు ఆగిపోయింది గానీ ఆకలి ఆగలేదు. అందుకే ఒకరి నోట్సు కొడుతున్నా అందులో లెక్క వెంట కళ్ళు పరిగెత్తేవి. అదే ఆవిడ గొప్ప, ఆవిడ కొంప ముంచిందీ అదే.

పని జరిగే తీరు చెప్పాలి. కాగితాలు వచ్చాక, షాపులో సాయంగా ఉండే ఆవిడ తమ్ముడు స్కాన్ చేసి, తారీఖు వేసి, కంప్యూటర్లో ఒక ఫోల్డర్లో పెడతాడు. ఆవిడ తెరకి ఎడమ పక్కన స్కాన్, కుడి పక్కన టైపు పెట్టుకుంటుంది. భిన్నం వస్తే బ్యాక్‌స్లాష్ పెట్టి \frac అని కొట్టి, తర్వాత రెండు జతల మీసాల బ్రాకెట్లు. ఒక మీసం మూయడం మర్చిపోతే కంప్యూటరు అక్కడే మొరాయిస్తుంది. లెక్క తప్పైతే మాత్రం దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. బ్రాకెట్లు సరిగ్గా ఉంటే చాలు, తప్పుని కూడా ముత్యాల్లాంటి అక్షరాల్లో అచ్చేసి ఇస్తుంది.

ఆ డిపార్టుమెంటులో పాఠం చెప్పే మేష్టారి సంగతి వేరు. అరవయ్యో పడిలో పడ్డ మనిషి, ముప్పై ఏళ్ళుగా ఒకే పాఠం చెబుతూ ప్రతి ఏడూ కొత్తగా నోట్సు రాసుకునే పిచ్చి మారాజు. ఆయన చేతిరాత చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టుంటుంది. పైగా సగం మాటలు పొడి అక్షరాలే. సి.టి.ఎస్. అంటే కంటిన్యువస్, బి.డి.డి. అంటే బౌండెడ్, ఎన్.బి.హెచ్.డి. అంటే నైబర్‌హుడ్. వీటన్నిటికీ ఆవిడ ఒక పట్టిక రాసి తెర అంచుకి అంటించుకుంది. అందులో లేనిదేదైనా వస్తే చీటీ మీద పేజీ, లైను, అనుమానం రాసి పంపేది. ఆయన పక్కనే జవాబు రాసి తిప్పి పంపేవాడు. ఆయన నోట్సు కొట్టిన పన్నెండేళ్ళలో ఆ చీటీలు ఎన్ని తిరిగాయో లెక్క లేదు. "నీ చీటీ రాలేదంటే నాకు బెంగమ్మా, నేనేదో బాగా రాసేశానేమోనని," అని నవ్వేవాడాయన.

రిటైరయ్యే లోపు ఆ పాఠాలన్నీ శుభ్రమైన ప్రతిగా పిల్లలకి మిగల్చాలని ఆయన కోరిక. నెలకి నలభై పేజీలు వచ్చేవి.

మొదటి తప్పు ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ దగ్గర దొరికింది. రెండో పదం ముందు మైనస్ లేదు. చెయ్యి తిరిగిన వాళ్ళకీ జారుతుంది కదా అనుకుని మైనస్ పెట్టేసింది. తర్వాతి నెల త్రిభుజ అసమానత తలకిందులుగా వచ్చింది. రెండు సంఖ్యల మొత్తం తాలూకు పరమ మూల్యం, అంటే ప్లస్ మైనస్ గుర్తు వదిలేసిన విలువ, వాటి పరమ మూల్యాల మొత్తాన్ని మించదు. ఆయన మించుతుందని రాశాడు. ఆవిడ చీటీ పంపింది. జవాబు వచ్చింది గానీ అది అడిగినదానికి కాదు, వేరే పేజీలో వేరే లైనుకి. మళ్ళీ పంపింది. ఈసారి మేష్టారే స్వయంగా వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఇన్నేళ్ళుగా కొడుతున్నావు. ఇంత చిన్నవి కూడా నన్నడగాలా? నీకు తెలీదా ఏంటి? నువ్వే చూసుకో అమ్మా."

ఆయన గొంతు పెంచడం ఆవిడ వినడం అదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ, నిజం చెప్పుకోవాలంటే, ఆ నీళ్ళ అడుగున చిన్న గర్వం కూడా ఉంది. డిగ్రీ పూర్తి చెయ్యని తనకి మేష్టారు నోట్సు అప్పజెప్పారు. ఆ రోజు నుంచి చీటీలు ఆగిపోయాయి.

అప్పట్నుంచి ఆవిడే చూసుకుంది. కంటిన్యువస్ అనాల్సిన చోట బౌండెడ్ అని ఉంటే మార్చింది. ఎప్సిలాన్ ముందు ఎంచుకుని, దానికి తగ్గ డెల్టా వెతకాల్సిన నిర్వచనంలో రెండూ తారుమారైతే సర్దింది. ఒకే సిద్ధాంతం మూడు పేజీల తేడాలో రెండుసార్లు వస్తే ఒకటి తీసేసింది. పట్టికలో లేని పొడి అక్షరాలు పుట్టుకొచ్చాయి, వాటికి అర్థం ఎక్కడా లేదు. చుట్టూ ఉన్న లెక్కని బట్టి అక్కడేముండాలో ఊహించి రాసింది. రుజువు సగంలో ఆగిపోతే, అటక మీంచి పాత పుస్తకం దింపి మిగతా సగం తనే నింపింది.

"ఇదేంటక్కా, ఈ పేజీలో ఆయన రాసింది నాలుగు లైన్లే కదా, నువ్వు పేజీన్నర కొట్టావు?" అన్నాడు తమ్ముడు ఒక రోజు స్కాన్లు సర్దుతూ.

"నీకెందుకురా. ఆయన పెద్దవాడైపోయాడు. నలుగురిలో నవ్వులపాలు కావాలా?"

ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆ ప్రేమ ఏం చేస్తోందో ఒక్కసారి ఆగి చూసుకునే తీరిక ఆవిడ తెచ్చుకోలేదు. ఏడాదిన్నర గడిచింది.

ఒక మధ్యాహ్నం మేష్టారి భార్య వచ్చింది. వేళ్ళ సందున చీర కొంగు నలుగుతోంది. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"అమ్మాయ్, ఆయన చేత్తో రాసిన కాగితాలు నీ దగ్గరున్నాయా? ఇంట్లో ఒక్కటీ లేదు. టైపు ప్రతి వచ్చాక అసలువి చించేస్తారు కదా ఆయన."

"స్కాన్లు ఉన్నాయి అమ్మగారూ. దేనికి?"

"నిన్న క్లాసులో పడిపోయారు. తలకి స్కాన్ తీశారు. లోపల గడ్డ ఉందట. మెల్లగా పెరిగే రకమట. ఎన్నాళ్ళ నుంచి ఉందో చూడాలి, ఈ మధ్య రాసినవేవైనా తెమ్మన్నారు పెద్ద డాక్టరు."

లేటెక్ అక్క మేష్టారి ఫోల్డరు వెతకబోయింది.

"కిందటేడే నాకు అనుమానం వచ్చింది," అంది మేష్టారి భార్య తనలో తను మాట్లాడుకున్నట్టు. "కుళాయి కట్టెయ్యడం మర్చిపోయేవారు. ఇంటి దారి తప్పి ఒకసారి ఎవరో తీసుకొచ్చి దింపారు. అప్పుడు మా వీధి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పని ఎలా చేస్తున్నారు అనడిగాడు. నువ్వు పంపిన టైపు నోట్సు నా సంచిలో ఉంటే చూపించాను. నలభై పేజీలు, ఒక్క కొట్టివేత లేదు. ఇంత లెక్క ఇంత పొందిగ్గా రాసే మనిషికి ఏం రోగమమ్మా, వయసు, కాస్త నిద్రపోమనండి, అన్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఇంటికి తీసుకొచ్చేశాను."

ఇక్కడ లేటెక్ అక్క అబద్ధమాడొచ్చు. స్కాన్లు పోయాయి అనొచ్చు, కంప్యూటరు పాడైంది అనొచ్చు, నమ్ముతారు కూడా. ఆ ఆలోచన వచ్చింది, వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. తెర ఆమె వైపు తిప్పి, ఎడమ పక్క స్కాన్, కుడి పక్క టైపు పెట్టి చూపించింది.

లెక్కలు రాకపోయినా చూడ్డానికి కళ్ళు చాలు. ఎడమ పక్కన వాలిపోయిన నాలుగు లైన్లు, కుడి పక్కన నిండు పేజీ.

"ఇది ఆయన రాయలేదు," అంది పెద్దావిడ.

"లేదమ్మగారూ. నేను రాశాను."

"ఎప్పట్నుంచి?"

"ఏడాదిన్నర నుంచి. ఆయన తప్పులు ఎవరి కంటా పడకూడదని..."

పెద్దావిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నా కంట కూడా పడకుండా చేశావు," అని మాత్రం అంది. తమ్ముడు ప్రింట్లు తీసి ఇస్తే సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

గడ్డ తీశారు. ఏడాది కిందటే వచ్చుంటే నిమ్మకాయంత కూడా ఉండేది కాదని, ఇప్పుడు పక్కనున్న మెదడుని బాగా నలిపేసిందని డాక్టరు చెప్పాడట. మేష్టారు బతికాడు. నడుస్తాడు, అన్నం తింటాడు, మనుషుల్ని గుర్తుపడతాడు. లెక్క మాత్రం పోయింది. లేటెక్ అక్క ఆస్పత్రికి రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేసింది. ఏ మొహం పెట్టుకుని లోపలికి వెళ్తుంది?

నాలుగు నెలల తర్వాత భార్య ఆయన్ని చెయ్యి పట్టుకుని షాపుకి తీసుకొచ్చింది. ఆయన స్టూలు మీద కూర్చుని జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"కొత్త చాప్టరు. శుభ్రంగా కొట్టివ్వమ్మా," అన్నాడు.

అదే చీమల రాత. ఇంటిగ్రల్ గుర్తు వెనక ఏమీ లేదు, సమానం గుర్తు తర్వాత మళ్ళీ సమానం, అడుగున కంటిన్యువస్ తాలూకు పొడి అక్షరాలు ఏడుసార్లు.

"ఉన్నది ఉన్నట్టే కొట్టు అమ్మాయ్," అంది భార్య నెమ్మదిగా. "డాక్టరుకి చూపించాలి. ఒక్క చుక్క కూడా మార్చకు."

ఆవిడ మార్చలేదు. చేతులు అలవాటుగా సర్దబోయిన ప్రతిసారీ ఆపుకుంటూ, ఖాళీ ఇంటిగ్రల్ని ఖాళీగానే, సమానం పక్కన సమానాన్ని అలాగే కొట్టింది. కంప్యూటరు ఎక్కడా అడ్డు చెప్పలేదు, చక్కటి అచ్చు పేజీ బయటికొచ్చింది.

మేష్టారు ఆ పేజీని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. నుదురు ముడిపడింది. ఏది తప్పో చెప్పలేకపోయాడు గానీ, తప్పుందని మాత్రం ఎక్కడో తెలిసింది ఆయనకి.

"ఇది నాది కాదమ్మా," అన్నాడు. "నువ్వెప్పుడూ ఇలా కొట్టేదానివి కాదు. ఏమైంది నీకు? ఒంట్లో బాగుండట్లేదా?"