పత్రికలో లేని దారి

మా తమ్ముడి పెద్ద కూతురి పెళ్లిపత్రిక మాకు ఆటోలో వచ్చింది. ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలిచినవాళ్లు లేరు. రెండో కూతురి పెళ్లికి ఆ ఆటో కూడా లేదు. వాట్సాప్‌లో పత్రిక ఫోటో వచ్చి పడింది. పిలిచేవారి వరుసలో సొంత అక్కాబావల పేర్లు అన్నిటికంటే కింద ఉన్నాయి. వెళ్లకూడదనే అనుకున్నాను. అంతలో పెళ్లికూతురే ఫోన్ చేసింది.

“అత్తా, కార్డు కన్నడంలో ఉండాది. ఆంధ్రా వైపు వాళ్లకు చదివేకి రాదు. మా మామ ఫోన్‌లో అయితే ఫోటో తెరుచుకోనే లేదంట. ముహూర్తం, మంటపం, దారి తెలుగులో చిన్నగా రాసి అందరికీ పెట్టు. నువ్వు రాస్తే తప్పుండదు.”

ఆ ఇంట్లో నన్ను ఆ మాట అన్నది అదొక్కతే. పావగడ బజారులోని మా అంగట్లో గల్లా ముందు కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని మొదలుపెట్టాను. దాని మేనమామ నిడుగల్లులో గొర్రెలు మేపుకుంటాడు. వాటిని వదిలి ముందురోజు రాలేడు. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకురావలసింది మాత్రం ఆయనే. ఆయన ముహూర్తానికి అందుకోకపోతే ఆ పిల్ల ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

శనివారం రిసెప్షన్ వేళ, ఆదివారం ముహూర్తం వేళ పత్రికలో పక్కపక్కనే ఉన్నాయి. తికమక లేకుండా ముహూర్తం ముందు రాశాను. దారి దగ్గరకు వచ్చేసరికి నా వేలు ఆగిపోయింది. మంటపమున్న ఊరి ముందు పాత బోరు దగ్గర ఎడమవైపు మట్టిదారి పట్టమని ఉంది. ఆ దారి సోలార్ ప్లాంటు పలకల కిందికి పోయి ఏళ్లయింది. అందులో మా తమ్ముడి చేను కూడా ఉంది. వెంటనే వాడికి ఫోన్ చేశాను.

“దారి తప్పు పడిందప్పా. ఆడ కంచె ఉండాది కదా!”

“తెలుసులేక్కా. పెద్దదాని కార్డే ప్రెస్సులో ఇచ్చి, పేర్లు, టైము మార్పించినా. దారి సంగతి మరిచిపోయినా. దేవుని ముందర పెట్టి పసుపు గూడ పూసినాం. ఇంక పత్రిక దిద్దకూడదు.”

“పత్రిక జోలికి ఎవురు పోతాండారు? నేను రాసేది మెసేజి.”

“కార్డులో ఒకటి, మెసేజిలో ఒకటి ఉంటే జనం నవ్వుతారు. ఉండేది ఉన్నట్టే పెట్టు. లేదంటే ఊరుకో.”

ఊరుకోమన్నాడు, తనకన్నా పెద్దదాన్ని! నేను ఊరుకోలేదు. ఇలా రాసి బంధువులందరికీ పంపాను:

“ముహూర్తం ఆదివారం పొద్దున 9-10 నుంచి 9-45 లోపల, మిథున లగ్నం. రిసెప్షన్ ముందురోజు సాయంత్రం. రెండూ క్యాతగానచెర్లు కల్యాణమంటపంలోనే. పావగడ నుంచి వచ్చేవాళ్లు తారురోడ్డు వదలకండి. పాత బోరు దగ్గర తిరగవద్దు, ఆ దారి మూసేశారు. నేరుగా ఊళ్లోకి వచ్చి స్కూలు దాటగానే కుడివైపు మంటపం. పత్రికలో ఉన్న దారి పాతది.”

చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నిడుగల్లు నుంచి మాత్రం జవాబు లేదు.

ఆదివారం తొమ్మిది కొట్టేసరికి మేళం జోరందుకుంది. పిల్ల పట్టుచీరలో గంప పక్కన నిలబడి ఉంది. మామ జాడ లేదు, ఫోన్ ఎత్తడం లేదు. అప్పుడే మా తమ్ముడి స్నేహితుడు ఒకాయన కారులోనుంచి ఫోన్ చేశాడు. స్పీకర్‌లో అందరికీ వినబడింది.

“యాడప్పా మీ మంటపం? కార్డు చూసుకుని వస్తే కంచె అడ్డం వచ్చింది. యాడ చూసినా పలకలే!”

మా తమ్ముడి ముఖం వాడిపోయింది. “బావమరిది గూడ ఆడికే పోయింటాడేమో అక్కా” అన్నాడు. పురోహితుడు “మేనమామను పిలవండి” అని రెండోసారి కేక వేశాడు. నేను గేటు దగ్గరికి పరుగెత్తాను. ఆ వయసులో అలా పరుగెత్తడం ఎవరూ చూడకుండా ఉంటే బాగుండేది, అందరూ చూశారు.

స్కూలు వైపు నుంచి హారన్ మోగింది. మోటారుసైకిలు మీద నెత్తికి తువాలు చుట్టుకుని ఆయన, వెనక చీర కొంగు గట్టిగా పట్టుకుని ఆయన భార్య!

“ఏందప్పా ఇంత ఆలస్యం? గొర్రెలకు గూడ బొట్టుపెట్టి వస్తాండావా?”

“పావగడలో టైరు పంక్చరయింది వదినా. బోరు కాడ అలవాటు కొద్దీ బండి తిప్పబోయినా. నీ మెసేజి మొత్తం బట్టీపట్టుకుని వచ్చింది ఇది. ‘తిరగొద్దని మీ వదిన రాసింది’ అని వెనకనుంచి వీపు మీద గుద్దింది.”

“ఆ మాట మా తమ్మునికి వినపడేట్టు చెప్పప్పా.”

ఆయన పెళ్లికూతురున్న గంపను ఎత్తి, పందిట్లోకి అడుగుపెడుతూ, మేళాన్ని మించిన గొంతుతో మళ్లీ చెప్పాడు.