మూడు షీట్లు తక్కువ

మా బావను పనిలో అందరూ కొలత మేస్త్రీ అంటారు. ఏ గదికి ఎంత ఇనుము పడుతుందో, కమ్మీలను వలలా వెల్డింగు చేసిన మెష్ షీట్లు ఎన్ని దించాలో ఆయన చెప్పిందే లెక్క. మిగిలిన మేస్త్రీలు లారీడు దింపించుకుని సగం మూలన తుప్పు పట్టిస్తారు, లేదంటే పని మధ్యలో చేతులెత్తేస్తారు. బావ చెప్పిన లెక్కకు ఒక షీటు ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. అందుకని ఆయనకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఎవరైనా మెచ్చుకుంటే మీసం చాటున నవ్వి, ఏమీ ఎరగనట్టు కొలత టేపు చుట్టుకునేవాడు. నేను ఆయన దగ్గరే ఇనుము కట్టే పని చేస్తాను. ఆయన భార్య నాకు తోడబుట్టిన అక్క.

అక్క ఈ వానాకాలం మొదట్లో పోయింది. జ్వరమని ఆసుపత్రికి నడిచి వెళ్ళిన మనిషి, తిరిగి నడిచి రాలేదు. నేను గోడకు తల కొట్టుకుని ఏడ్చాను. పిల్లలు ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. బావ కంట్లో చుక్క నీరు లేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేశాడు, వెళ్ళేవాళ్ళకు గేటు తీశాడు. తర్వాత నాలుగు రోజులకే పనిలోకి వచ్చి, ఇనుప కటింగు దగ్గర నిలబడ్డాడు. ఇంత రాయి మనిషికా మా అక్క జీవితమంతా వండి పెట్టిందని నాకు ఒళ్ళు మండిపోయింది. దాచుకోవడం దేనికి, అప్పటి నుంచీ ఆయనతో ముక్తసరిగానే మాట్లాడుతున్నాను. ఆయన అది గమనించినట్టు కూడా లేదు. తిట్టినా, మాట్లాడినా, మానేసినా గోడకు చెప్పుకున్నట్టే ఉండేది.

పనిలో మాత్రం తేడా అందరూ గమనించారు. ఒక స్తంభానికి రింగుల మధ్య ఎడం తప్పు పెట్టాడు. ఇంకోసారి తెచ్చిన కమ్మీలనే మళ్ళీ తెమ్మని మనిషిని పంపాడు. కాంట్రాక్టరు మంచివాడే కానీ, మంచితనంతో కట్టడాలు లేవవు కదా. మందుల గోదాము నేల పని మొదలుపెట్టే ముందు బావను పక్కకు పిలిచాడు. నేను వింటూనే ఉన్నాను.

"ఈ నేల ఒక్కటి సరిగ్గా చేసి చూపించు. ఇది కూడా తేడా వస్తే మేస్త్రీ పని ఇంకొకళ్ళకి ఇవ్వాల్సి వస్తుంది. నాకు ఇష్టమై కాదు."

"సరేనండి" అన్నాడు బావ. కాఫీ తాగుతావా అంటే సరే అన్నట్టే.

మేస్త్రీ పని పోతే ఆయనకు మిగిలేది కూలి. ఇద్దరు పిల్లల చదువు, ఇంటి అద్దె దాని మీద నడవవు. ఆయన మీద ఎంత కోపమున్నా, అక్క పిల్లల సంగతి నాకు పట్టకుండా ఎలా పోతుంది? అందుకే ఆ నేల గురించి ఆయన కంటే నేనే ఎక్కువ కంగారు పడ్డాను.

గోదాము గది పొడవు పద్దెనిమిది మీటర్లు, వెడల్పు పదిన్నర. పైకప్పు అప్పటికే వేసేశారు. కింద మట్టిని దిమ్మిస కొట్టి గట్టి చేశారు, దాని మీద ఇసుక పరిచి చదును చేశారు. ఇసుక మీద ప్లాస్టిక్ షీటు పరిచే పని నాది. మందమైన ప్లాస్టిక్కు, పెద్ద చుట్టగా వస్తుంది. అది లేకపోతే నేలలోని చెమ్మ మెల్లగా కాంక్రీటులోకి ఎక్కి, పైన పెట్టిన మందుల పెట్టెలు అడుగు నుంచి మెత్తబడతాయి. పోసిన కాంక్రీటులోని సిమెంటు పాలు కూడా ఇసుక తాగేస్తుంది. ఒక పట్టీ మీదకు ఇంకో పట్టీ అడుగు మేర ఎక్కించి, అతుకు పొడవునా టేపు అంటించాను. గోడల దగ్గర పైకి మడిచాను. చెప్పులు బయట విడిచి నడవమని అందరికీ చెప్పాను. చిన్న రాయి కాలి కింద పడ్డా ప్లాస్టిక్కుకు చిల్లు పడుతుంది.

దాని మీద కాంక్రీటు దిమ్మలు పెట్టి, వాటి మీద మెష్ పరచాలి. దిమ్మలు లేకుండా పరిస్తే మెష్ ప్లాస్టిక్కు మీదే పడి ఉంటుంది. నేల పగుళ్ళను పట్టి ఉంచాలంటే అది కాంక్రీటు పైభాగంలో ఉండాలి. బావ పదిహేడు షీట్లు దించమన్నాడు, పదిహేడే వచ్చాయి. ఒక్కో షీటు పొడవు నాలుగు మీటర్ల ఎనభై, వెడల్పు రెండు మీటర్ల నలభై. ఆయన లెక్కను సరిచూడాలని ఎవరికీ తోచదు, నాకూ తోచలేదు. కాంక్రీటు లారీ మధ్యాహ్నానికి వస్తుందన్నారు.

నేను మూలన స్తంభం చుట్టూ ప్లాస్టిక్కు కత్తిరించి టేపు వేస్తూ ఉండిపోయాను. అది చంటిపిల్లకు చొక్కా తొడిగినంత పని, ఎటు లాగితే అటు జారుతుంది. లేచి నడుం పట్టుకుని చూసేసరికి బావ, ఇంకో ఇద్దరు కలిసి సగం గది దాకా షీట్లు పరిచేశారు. బైండింగు వైరు, హుక్కు తీసుకుని కట్టడానికి కూర్చున్నాను.

మొదటి వరస బాగానే ఉంది. ఒక షీటు అంచు మీదకు ఇంకో షీటు అడుగు మేర ఎక్కింది. ఈ అతుకునే ల్యాపింగ్ అంటాం. రెండో వరసకు వచ్చేసరికి నా హుక్కు ఆగిపోయింది. షీట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కలేదు. చాపలు పరిచినట్టు అంచుకు అంచు ఆనించి ఉన్నాయి. మూడో వరసా అంతే.

అలా ఆనించిన మెష్ ఉన్నా లేనట్టే. ఒక షీటు పట్టిన బలాన్ని పక్క షీటు అందుకోవాలంటే రెండూ కొంత దూరం కలిసి నడవాలి. లేకపోతే ఆ అంచు వెంట నేల గీత గీసినట్టు పగులుతుంది. ఈ సంగతి మాకందరికీ నేర్పింది బావే.

"బావా, ఇక్కడ ల్యాపింగ్ ఏదీ?"

ఆయన తల తిప్పి చూశాడు. "మొదట ఎక్కించాను. అలా పోతే షీట్లు చాలేట్టు లేవు. ఆనిస్తే సరిపోతున్నాయి."

"చాలకపోతే తెప్పించాలి గానీ ఆనిస్తారా?"

"పదిహేడు లెక్క. సరిపోవాలి మరి."

నాకు అప్పుడు అర్థమైంది. చేతులు అలవాటుగా సరిగ్గానే పరిచాయి. షీట్లు చాలవని తెలిసినప్పుడు ఆయన లెక్కను అనుమానించలేదు, చేతులను అనుమానించాడు. ఇన్నేళ్ళలో ఆయన లెక్క తప్పింది ఎప్పుడు గనక!

పక్కనే కాంక్రీటు ముఠా పెద్ద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వాళ్ళకు లారీ రావడమే ముఖ్యం. "ఎందుకమ్మా రచ్చ? పోసేస్తే ఎవడికి కనపడుద్ది? పగిలితే ఏడాదికి పగులుద్ది, అప్పటికి మనం ఎక్కడుంటామో" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తియ్యగానే వినపడింది. పోసేస్తే బావ మేస్త్రీగానే ఉంటాడు. బడి, అద్దె, బియ్యం అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కానీ బావ మొహం చూస్తే అందులో భయం లేదు, ఆశ లేదు, ఏమీ లేదు. నిమ్మకు నీరెత్తినట్టు షీటు అంచు సర్దుతున్నాడు. అది చూసి నాకు అన్నాళ్ళ కోపం ఒక్కసారిగా పైకొచ్చింది.

"పొడవు, వెడల్పు కట్టి భాగించి పారేశావు గదా? అతుకులు కలిపావా అసలు?"

బావ చేతిలోని షీటు వదిలేశాడు. అది దిమ్మల మీద పడి ఖంగుమంది. ఆయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. తిడతాడనుకున్నాను. "కలపలేదు" అన్నాడు. తర్వాత వేళ్ళు మడుచుకుంటూ నెమ్మదిగా లెక్కపెట్టాడు. "అడుగు అటు, అడుగు ఇటు పోతే... ఇరవై పడతాయి. మూడు తక్కువ."

ముఠా పెద్ద ఆయన చెయ్యి పట్టుకుని ఆపబోయాడు. బావ విడిపించుకుని, జాగ్రత్తగా దిమ్మలు తప్పించుకుంటూ నడిచి, చెప్పులు వేసుకుని కాంట్రాక్టరు కూర్చున్న రేకుల గదికి వెళ్ళాడు. నేనూ వెనకే పరిగెత్తాను.

"లారీ ఆపించండి. షీట్లు మూడు తక్కువ చెప్పాను. పరిచినవి కూడా తీసి మళ్ళీ పరవాలి."

కాంట్రాక్టరు ముందు ఫోను చేసి లారీ ఆపించాడు. మూడు షీట్లు రేపు పొద్దున్నకు పంపమని ఇంకో ఫోను చేశాడు. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలాడు. కోపంగా లేడు, అలిసిపోయినట్టున్నాడు.

"ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, నీ లెక్క ఒక్కసారి తప్పలేదు. ఇదేం పెద్ద లెక్కని ఇలా తప్పావు?"

"ఎప్పుడూ తప్పేవాణ్ణేనండి" అన్నాడు బావ.

కాంట్రాక్టరు నా వైపు చూశాడు. నాకూ ఏమీ తెలియదు.

"ఇంట్లో కూర్చుని లెక్క పైకి చెప్పుకోవడం నాకు అలవాటు. పొడవింత, వెడల్పింత, ఇన్ని షీట్లు అని. ఆవిడ అటు పని చేసుకుంటూనే, అతుకులు కలిపావా అని అడిగేది. ప్రతిసారీ మర్చిపోయేవాణ్ణి, ప్రతిసారీ అడిగేది. అప్పుడు కలిపేవాణ్ణి." ఆయన గొంతు షీట్ల లెక్క చెబుతున్నట్టే ఉంది. "ఈసారీ పైకే చెప్పానండి. కాసేపు చూశాను కూడా. ఎవరూ అడగలేదు."

మా అక్క ఒక్కనాడు మా పనిలోకి తొంగి చూసింది లేదు. మెష్ అంటే కిటికీకి కొట్టేదే అనుకునేది. అతుకుల మాట మాత్రం ఆయన లెక్కలు విని విని పట్టేసినట్టుంది. కాంట్రాక్టరు, మేస్త్రీ పని వేరేవాళ్ళకు ఇవ్వననీ, లెక్కలు మాత్రం ఇక మీదట తనే చూసుకుంటాననీ అన్నాడు. దయగానే అన్నాడు. బావ సరేనండి అన్నాడు.

మేమిద్దరం మళ్ళీ గదిలోకి వచ్చి షీట్లు ఎత్తడం మొదలుపెట్టాం. ఎత్తేటప్పుడు ఒక తీగ గుచ్చుకుని ప్లాస్టిక్కు జానెడు చీరింది. చీలిక కంటే బాగా పెద్ద ముక్క కత్తిరించి, మీద పరిచి, నాలుగు వైపులా టేపు వేశాను. బావ ఎదురుగా కూర్చుని ముక్క కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఈ మనిషి ఒక్కసారి ఏడిస్తే బాగుండునని ఇన్నాళ్ళూ కోరుకున్నాను. ఆ ఇంట్లో ఒక్కడే కూర్చుని, లెక్క పైకి చెప్పి, జవాబు కోసం ఆగిన మనిషిని ఇంకా ఏడవమని ఎలా అడగను?