పన్నెండు దాటాక పెట్టిన సంతకం

హార్స్లీ హిల్స్ మలుపులో చిరుతపులి చెయ్యెత్తి నా బండిని ఆపి లిఫ్ట్ అడిగిందని మా ఆఫీసులో అందరికీ చెప్పింది నేనే. అలాంటివాడిని, ఆడిట్ రోజున ఒక్క నిజం చెప్పి నమ్మించలేక చచ్చాను.

మదనపల్లెలో టమోటా మార్కెట్‌కు పోయే దారిలో, మేడ మీద మా ఆఫీసు. ఆసుపత్రుల్లో రోగికి మందు ఎక్కించే పంపుకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. ట్యూబు మూసుకుపోతే పంపు కూయాలి. కూసిందో లేదో పరీక్షించి, చూసింది చూసినట్టు అప్పటికప్పుడే కాగితం మీద రాయడం, కింద సంతకం పెట్టడం నా పని. ఆ కాగితాలు నమ్మదగ్గవి కావని తేలితే సర్టిఫికెట్ రాదు. అది లేకుండా పంపు అమ్మకూడదు.

"అడిగిందానికే జవాబు చెప్పప్పా. కథలు మొదలుపెట్టినావంటే మునిగినాం" అని మా పుంగనూరు మేనేజర్ పొద్దున్నే చేతులు జోడించాడు.

ఆడిటర్ బెంగళూరు నుంచి వచ్చింది. పుట్టిల్లు కుప్పమట. నా కాగితాన్నీ, పంపు తనంతట తాను రాసుకునే లాగ్‌నూ పక్కపక్కన పెట్టింది.

"శుక్రవారం పంపు కూసింది 10:52కి. మీ సంతకం 12:04కి. అంతసేపు యాడుండారు? తర్వాత గుర్తు తెచ్చుకొని రాసినారా?"

"ఆడనే ఉండాను మేడమ్. అప్పుడే రాసినాను. సంతకం మాత్రం పన్నెండుకు రాహుకాలం పోయినాక పెట్టినాను."

మేనేజర్ బల్ల కింద నా కాలు తొక్కాడు. చిరుత వచ్చేసిందనుకున్నాడు పాపం.

ఆవిడ ఇంకో కాగితం తీసింది. మంగళవారం పరీక్ష మూడుంపావుకు, సంతకం నాలుగు ముప్పైరెండుకు. గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు రాహుకాలం మూడు నుంచి నాలుగున్నర. నా భయానికి కూడా ఆధారం దొరికింది!

"సరే. ఫలితం అప్పుడే రాసినారనేదానికి రుజువేది?"

నోట్లో నాలుగు కథలు తిరిగాయి. మింగేసి, సాక్షి గడి చూపించాను. పరీక్ష పక్కన నిలబడి చూసిన గుడుపల్లె అమ్మాయి 10:55కే సంతకం పెట్టి ఉంది. ఆమెను పిలిచారు.

"ఫలితం రాయని కాగితం మింద నేను పెన్ను పెట్టను మేడమ్. ఈయప్ప అంతా రాసేసి, గడియారం సూస్తా కూసుంటాడు" అంది.

ఆడిటర్ మిగతా కాగితాలన్నీ తిరగేసింది. రాహుకాలంలో జరిగిన ప్రతి పరీక్షకూ అదే వరస: సాక్షి సంతకం వెంటనే, నాది రాహుకాలం దాటాక. నవ్వు ఆపుకుంటూ పెద్ద తప్పు కాదు, చిన్న లోపమని రాసింది. కారణం, దిద్దుబాటు రాసి పంపమంది.

కారణం గడిలో 'రాహుకాలం' అని రాశాను. మేనేజర్ కొట్టేయబోయి ఆగాడు. కింద, 'సంతకం ఎప్పుడు పెట్టాలో మా పద్ధతిలో రాసి లేదు. పరీక్ష ముగిసిన వెంటనే పెట్టాలని ఇప్పుడు చేర్చాం' అని కలిపాడు. మరుసటి శుక్రవారం పదిన్నర దాటాక, గడియారం వైపు చూడకుండా, పరీక్ష కాగానే సంతకం పెట్టాను. పెన్ను కారింది, అంతే.

ఆ కాగితాన్నీ జతచేసి అప్పటికప్పుడే జవాబు మెయిల్ సిద్ధం చేశాం. మేనేజర్ మౌస్ మీద వేలు పెట్టి గడియారం చూశాడు. పదకొండుంపావు.

"పన్నెండు కొట్టినాక పంపుదాంలేప్పా, ఏం పోతాది?" అన్నాడు.