మీటరు మీది బొగ్గు దుమ్ము

గోదావరిఖనిలో కరెంటు ఆఫీసు ఎదుట ఉన్న జిరాక్సు దుకాణంలో శోభ అర్జీలు టైపు చేస్తుంది. చదువు ఇంటర్ మధ్యలోనే ఆగిపోయాక దొరికిన పని అది.

ఒంటరిగా బతికే జన్నత్ బీ బిల్లు ఎక్కువొచ్చిందని అర్జీ పెడితే, రీడింగు సరైనదేననీ, కట్టకుంటే కనెక్షన్ తీసేస్తామనీ ఆఫీసు జవాబిచ్చింది. ఆ జవాబు పట్టుకుని ఆమె శోభ దగ్గరికి వచ్చింది.

"మీటరు అద్దం నిండ బొగ్గు దుమ్మే బేటీ. అంకెలే కనవడయి."

"తుడువకపోయినవా అమ్మా?"

"ఇల్లంత రోజూ తుడుస్త. మీటరు ముట్టుకుంటె దొంగతనం కేసైతదని ఆ రీడింగు పిలగాడే బెదిరిచ్చిండు."

శోభకు ఒళ్లు మండింది. 'మీ మనిషి మీటరు చూడకుండానే అంకె వేశాడు' అని టైపు చేసింది. దుకాణం యజమాని సంపత్ చదివి తల కొట్టుకున్నాడు.

"గిట్ల రాస్తె బుట్టల పడేస్తరు చెల్లె. మంచిగ అడుగు."

మళ్లీ రాసింది: 'అద్దంపై దుమ్ము వల్ల అంకెలు స్పష్టంగా కనిపించడం లేదు. దయచేసి నా సమక్షంలో తుడిపించి, రీడింగును మరోసారి పరిశీలించగలరు. అంతవరకు కనెక్షన్ తొలగించవద్దని మనవి.' 'దయచేసి' దగ్గర ఆమె నోరు చేదైంది.

వారం తిరక్కుండానే జన్నత్ బీ వచ్చింది. ఆ రీడింగు పిలగాడే వచ్చి తుడవమంటే కొంగుతో తుడిచిందట. బిల్లులో వేసిన అంకె దాకా మీటరింకా తిరగనే లేదట. బిల్లు సవరిస్తామన్నారట.

"ముందే తుడుసుకోవద్దా అని నన్నే తిట్టిండు బేటీ. ఇగ బిల్లు తగ్గిస్తున్నందుకు ఆఫీసు సార్‌కు షుక్రియా రాసి ఇయ్యాల్నట."

శోభ బయటికి వెళ్లి ఉమ్మేసి వచ్చింది.

"కరెంటు పోదు గదమ్మా, ఇంటికి పో. ఆ కాయితం మాత్రం నేను రాయ," అంది, సంపత్ వైపు చూడకుండా.