మంట ఎక్కడ పుట్టింది

నబీ భాయ్ గురించి రాయాలంటే ముందు నా మీద నాకున్న కోపం గురించి రాయాలి. బన్సీలాల్‌పేట్‌లో మా జిరాక్స్ షాపుకీ, ఆయన ఎంబ్రాయిడరీ దుకాణానికీ మధ్య ఒక్కటే గోడ. పన్నెండేళ్లుగా అటు ఆయన, ఇటు నేను.

ముప్పై ఏళ్లు మగ్గం వర్కు చేసిన మనిషి. పెళ్లి జాకెట్టు అప్పజెప్పేటప్పుడు ఆయనకో అలవాటు ఉండేది, చూస్తే నాకు ఒళ్లు మండేది. జాకెట్టు తిప్పి, "ఇగో, ఈడ ఒక కుట్టు తప్పింది. యాభై తక్కువియ్యండి" అని తనే చూపించేవాడు. భూతద్దం పెట్టినా ఎవరికీ కనపడని కుట్టు అది.

"ఇలాగైతే దుకాణం నడిచినట్టే భాయ్" అని తిట్టేదాన్ని.

"నాకు కనబడ్డది గదా, లతమ్మా" అని నవ్వేవాడు.

షుగర్ వచ్చి ఆ కళ్లే మసకబారాయి. సన్నపని మానెయ్యమన్నాడు డాక్టరు. మూడేళ్ల కిందట ఉన్నదంతా ఊడ్చి ఎనిమిది లక్షలు పెట్టి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ కొన్నాడు. డిజైన్ ఎక్కిస్తే అదే కుట్టుకుపోతుంది. ఆ మెషిన్ ఆయనకి కళ్లు, చేతులు, అన్నం అన్నీ. ఫైర్ పాలసీ కూడా తీసుకున్నాడు, ఏటా తప్పకుండా కట్టాడు. మెషిన్‌కి కరెంటు లైను లాగి స్విచ్‌బోర్డు బిగించింది మాత్రం ఆయన బామ్మర్ది అతీక్. పని వచ్చు కానీ లైసెన్సు లేదు.

మార్చిలో ఒక శుక్రవారం, మెషిన్ నడుస్తుండగానే షట్టర్ సగం దించి నమాజుకి వెళ్లాడు. కాలిన వాసనకి నేను బయటికొచ్చి వంగి చూశాను. గోడ మీది స్విచ్‌బోర్డు చిటపటలాడుతూ మండుతోంది. అక్కడి నుంచి పక్కన వేలాడే బట్టలకి, బట్టల నుంచి మెషిన్‌కి అంటుకుంది. నా కళ్లతో చూశాను. ఫైరింజన్ వచ్చేసరికి మెషిన్ కంట్రోల్ బాక్సు కరిగి ముద్దయింది.

సాయంత్రం అతీక్ వచ్చాడు. బోర్డు చూడగానే మొహంలో నెత్తురు చుక్క లేదు. "బావా, నాకు లైసెన్స్ లేదు. పోలీసోళ్లు లోపలేస్తరు నన్ను" అని ఏడ్చాడు. ఏడుస్తూనే కాలిన బోర్డు, వైర్లు గోడ నుంచి పీకి గోనెసంచిలో వేసుకుని పోయాడు. ఎక్కడ పారేశాడో ఈరోజుకీ తెలియదు.

మర్నాడు పోలీసులు పంచనామాకి వస్తారనగా నబీ భాయ్ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఏం చెప్పాలె లతమ్మా? పోరగాండ్లున్నోడు. ఆని సంసారం ఆగమైతది."

నా తెలివి అప్పుడే తెల్లారింది. "మెషిన్‌లోంచి మంట వచ్చిందని చెప్పేయండి భాయ్. మెషిన్‌ని ఎవరు జైల్లో పెడతారు?" అన్నాను. ఆయన పంచనామాలో అదే చెప్పాడు. ఫైర్ స్టేషన్‌కి, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాసిన ఉత్తరాలు నేనే టైపు చేశాను. కింద సాక్షిగా కల్పలత అని సంతకం కూడా పెట్టాను. నా సంతకం అంత అందంగా ఎప్పుడూ కుదరలేదు.

ఇక కాగితాలు షురూ. పాలసీ, క్లెయిమ్ ఫారం, ఫైర్ రిపోర్టు, పంచనామా, మెషిన్ బిల్లు, స్టాకు లెక్కలు, కరెంటు బిల్లు, ఫోటోలు, కొత్త మెషిన్ కొటేషన్. ఒక్కోటీ నాలుగేసి కాపీలు తీశాను. డబ్బులొద్దన్నా ఆయన ఒప్పుకోలేదు. బిల్లు ఉన్న చోట బిల్లు ఉంది, పాలసీలో రాసిన చిరునామా దుకాణానిదే, కరెంటు కనెక్షన్ వ్యాపారానిదే. వేలు పెట్టి చూపించడానికి తప్పే లేదు, నేను టైపు చేసిన ఆ ఒక్క మాట తప్ప.

సర్వేయర్ హరికిషన్ గారు మర్యాదస్తుడు. తాను కంపెనీ ఉద్యోగిని కాననీ, నష్టం లెక్కగట్టి రిపోర్టు ఇవ్వడమే తన పని అనీ, డబ్బు ఇచ్చేదీ మానేదీ కంపెనీయేననీ ముందే చెప్పాడు. సగం రోజు ఫోటోలు తీసి, గోడ మీద నల్లటి మసి చూసి, బోర్డు ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి ఆగాడు.

"ఇక్కడ బోర్డేదండీ?"

"తీసేసినం సార్" అన్నాడు నబీ భాయ్.

"కాలినవేవీ కదిలించకూడదు కదా. సరే, మంట మెషిన్‌లోనే మొదలైందని మీరు రాశారు. ఫైర్ రిపోర్టులోనూ, ఇన్‌స్పెక్టర్ రిపోర్టులోనూ మీ మాటే ఉంది." ఫైలు మూసి నెమ్మదిగా చెప్పాడు. "షార్ట్ సర్క్యూట్ ఏ విద్యుత్ పరికరంలో అయిందో, ఆ పరికరానికి ఈ పాలసీలో డబ్బు రాదు. అక్కడి నుంచి పాకి మంట కాల్చినవాటికి వస్తుంది. దారాలు, బట్టలు, అల్మరాలకి వస్తుంది. మెషిన్‌కి రాదు."

బోర్డులో పుట్టిందని ఉంటే ఒక్క బోర్డు పోయేది. దాని ఖరీదు మూడు వేలు.

ఆగలేక అనేశాను. "బోర్డేనండీ! నేను చూశాను!"

ఆయన ఉత్తరం తిప్పి నా సంతకం చూపించాడు. "ఇది మీరేనా?"

అప్పుడు నబీ భాయ్ జరిగిందంతా చెప్పాడు, అతీక్ పేరుతో సహా. హరికిషన్ గారు రాసుకున్నాడు. "బోర్డు ఉంటే ల్యాబుకి పంపించేవాళ్లం, ఆ వైర్లే చెప్పేవి. ఇప్పుడు నా దగ్గరున్నవి మీ రెండు మాటలు. రెండూ రిపోర్టులో పెడతాను. కానీ తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చారని కంపెనీ అనుకుంటే మొత్తం క్లెయిమే తోసిపుచ్చొచ్చు." వెళ్లబోతూ ఆగి అన్నాడు. "వైరింగ్ సరిగా చేయలేదన్న ఒక్క కారణంతో ఇలాంటి క్లెయిములు మామూలుగా పోవండీ. కావాలని తగలబెడితే పోతాయి. ముందే చెప్పుంటే బాగుండేది."

ఆ మాట విన్నాక నబీ భాయ్ నన్ను చూడలేదు. తిట్టినా బాగుండేది.

రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. కంపెనీ దయ చూపించిందనే అనుకోవాలి, దారాలకీ బట్టలకీ ఇచ్చింది. మెషిన్‌కి సున్నా. ఇన్సూరెన్స్ తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెడదామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అగ్నిప్రమాదానికి కారణం అన్న చోట నా వేళ్లు ఆగిపోయాయి.

"అతీక్ వచ్చి చెప్తేనే పనికొస్తది. ఫోన్ ఎత్తుతలేడు" అన్నాడు నబీ భాయ్. "వద్దులే లతమ్మా. బంద్ చెయ్."

వచ్చిన డబ్బు, వర్కుకి బట్టలిచ్చిన వాళ్లకి కట్టడానికే సరిపోయింది. ఇప్పుడు ఆయన మసిగోడ ముందు పాత మగ్గం వేసుకుని కూర్చుంటున్నాడు. పొద్దున్నే నేను వెళ్లి పది సూదులకి దారం ఎక్కించి వస్తాను. నాకు చేతనైన సాయం అదొక్కటే.

నిన్న మొదటి జాకెట్టు పూర్తి చేశాడు. పదిహేను రోజులు పట్టింది. తెచ్చి నా కౌంటర్ మీద పరిచి, కళ్లకి దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూశాడు. వెలుతురులోకి తీసుకెళ్లి మళ్లీ తెచ్చాడు.

"నాకు కనబడ్తలేదు. జెర చూడు లతమ్మా. ఎక్కడన్న తప్పిందా?"

మెడ చుట్టూ నెమలి తీగ వంకర పోయింది. ఎడమ చేతికి పూలు సగమే ఉన్నాయి. నేను లెక్కపెట్టగలిగినంతవరకే పద్నాలుగు చోట్ల కుట్టు తప్పింది.

"ఎక్కడా లేదు భాయ్" అన్నాను. "చాలా బాగా వచ్చింది."