ఫాల్టు రిజిస్టరు ఖాళీగా ఉన్న రోజులు

ఆ రోజు పొద్దున నేను అన్న మాట తప్పు. అంతకు ముందురోజు సాయంత్రమే మా సోలారు బ్లాకులో ముప్పై ఒక్కమందిలో పదకొండు మందిని తీసేశారు. మరునాడు ఎనిమిది గంటలకు కంట్రోల్ రూం ముందు మిగిలినవాళ్ళు ఎప్పటిలాగే వరసగా నిలబడ్డారు. సైటు ఇన్‌ఛార్జిగా వాళ్ళకు ధైర్యం చెప్పాలనుకుని, "మీరు పనిమంతులు కాబట్టే మిగిలారు. పోయినవాళ్ళ గురించి ఆలోచించకండి. పని చూసుకోండి" అన్నాను.

ఎవరూ తలెత్తలేదు. బాగానే మాట్లాడాననుకున్నాను.

ఆ వారం నాకు ఒక వింత కనబడింది. సోలారు పలకలు పగిలినా, తీగ కాలినా, పెట్టెలో ఫ్యూజు పోయినా రాసే ఫాల్టు రిజిస్టరు ఒకటి మా దగ్గర ఉంటుంది. అంతకుముందు రోజుకో పేజీ నిండేది. ఇప్పుడు రోజుకు ఒక్క గీత, "అన్నీ సరిగా ఉన్నాయి" అని. మొదట సంతోషించి, హెడ్డాఫీసుకు కూడా చెప్పాను. కానీ కంప్యూటరు తెర మీద కరెంటు ఉత్పత్తి తగ్గుతూ వచ్చింది. ఎండ అంతే ఉంది, దుమ్మూ అంతే ఉంది. మనుషులు తగ్గితే ఫాల్టులు పెరగాలి గానీ తగ్గడమేమిటి? టెక్నీషియన్లను అడిగాను.

"చూసినాం సార్. బాగుండాది."

కరెంటు పనిలో పద్దెనిమిదేళ్ళున్నాను, అందులో ఆరేళ్ళు ఈ పావగడ ఎండలోనే. అంత ఒద్దికగా వచ్చే జవాబును నమ్మకూడదని అప్పటికైనా తెలిసి ఉండాల్సింది.

పలకల స్తంభాలకు అక్కడక్కడ పాత చీర పీలికలు కట్టి ఉండటం కూడా అప్పుడే గమనించాను. గడ్డి కోసే ఆడవాళ్ళు ఏదో మొక్కుకుని కట్టారేమో అనుకున్నాను. రోజులు గడిచేకొద్దీ పీలికలు ఎక్కువయ్యాయి. ఒకరోజు పదకొండింటికి, గడ్డి కోసే గుంపును నడిపించే ఆవిడ వెంట నేనే బయలుదేరాను. గుంపులో ఆరుగురు ఉండేవారు, ఇప్పుడు ముగ్గురు. పని మాత్రం ఆరుగురిదే.

"ఈ పీలికలేంటమ్మా?" అని అడిగాను.

ఆవిడ కొడవలి నడుముకు చెక్కుకుని ముందుకు నడిచింది. "మీరు చదువుకున్నోళ్ళు సార్, మీకే తెలియాల."

"తెలియకనే అడుగుతున్నా."

మూడో వరస చివర ఆగింది. స్తంభానికి పసుపు పీలిక ఒకటి ఉంది. పలక కింద రెండు తీగలు కలిసే ప్లాస్టిక్ జాయింటు కరిగి నల్లటి ముద్దయింది. దాని కింద గడ్డి జానెడు మేర కాలి ఉంది.

"ఎన్నాళ్ళయింది?"

"నాలుగు దినాలు. కొడవలి పెట్టొద్దని మా గుంపోళ్ళకు గుర్తు. అన్నీ అంతే సార్. యాడ గుడ్డ ఉంటే ఆడ చెయ్యి పెట్టొద్దని."

వాళ్ళు ఒకరినొకరు కాపాడుకుంటున్నారు. చెప్పనిది నాకొక్కడికే. ఎండిన గడ్డికి నిప్పంటుకుంటే ఆ వరసలో ఎవరుంటే వాళ్ళు పోతారు.

"రిజిస్టరులో ఎందుకు రాయలేదు?"

"రాసినోళ్ళు పోయినారు కదా సార్." ఆవిడ నన్ను సూటిగా చూసింది. "ఆ నాగలమడిక ఊరి అబ్బాయి కంటే ఎక్కువ రాసినోళ్ళెవరు? పనిమంతులే మిగిలినారని మీరే చెప్తిరి. ఆయప్ప పనిమంతుడు కాదా?"

నేను జేబులోంచి ఫోను తీశాను.

"ఆయప్ప పెండ్లాం బస్సులో నాకు సీటు పట్టేది. ఇప్పుడు ముఖం తిప్పుకుంటాది. నేనేమన్నా తీయించినానా సార్? అయినా కూలి తీసుకునే పొద్దు ఆయమ్మ ముఖమే కండ్ల ముందు ఉంటాది."

ముందు ఫోను చేసి ఆ వరస పెట్టె స్విచ్చు తీయించాను. కరెంటు పారుతుండగా ఆ జాయింటును లాగితే నిప్పు ఎగురుతుంది. స్విచ్చు తీశారని తెలిశాక ఆవిడా నేనూ చుట్టూ గడ్డి కోసి దూరంగా పడేశాం.

ఆవిడ అడిగినదానికి జవాబు నాకు తెలుసు. మనుషుల్ని తీసేసిన సాయంత్రం హెడ్డాఫీసు నుంచి ఫోను వచ్చింది, గంటలో పేర్లు ఇమ్మన్నారు. రిజిస్టరు ముందేసుకున్నాను. ప్రతి పేజీలో ఆ నాగలమడిక టెక్నీషియన్ రాతే. కొన్నిచోట్ల కింద "గత వారం కూడా రాసినాను, ఎవరూ చూడలేదు" అని ఉంది. చూడనివాణ్ణి నేనే. ఎక్కువ చూసేవాడు కాబట్టే ఎక్కువ రాశాడన్న సంగతి ఆ గంటలో నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే తట్టనివ్వలేదు. అతని రాత చూస్తే నాకు విసుగు. ఆ విసుగుతోనే అతని పేరు చెప్పాను.

మరునాడు పొద్దున అందరినీ కూర్చోమని, నేనూ నేల మీద కూర్చున్నాను.

"ఆ రోజు నేనన్నది అబద్ధం. పనితనం చూసి పేర్లు ఇవ్వలేదు. హడావుడిగా ఇచ్చాను. ఒక పేరు విసుగుతో ఇచ్చాను. అది మీ తప్పు కాదు, మిగలడం కూడా మీ తప్పు కాదు."

టెక్నీషియన్లలో పెద్దాయన అడిగాడు. "రేపు మళ్ళా అడిగితే ఎవరి పేరు ఇస్తారు సార్?"

"అడుగుతారో లేదో నాకు తెలియదు. అడగరని మాటివ్వలేను. అడిగితే ఏం చూసి పేర్లు ఇస్తానో ముందు మీకు చెప్తాను. పేర్ల కోసం రిజిస్టరు మాత్రం ముట్టను."

"సూస్తాం లేప్పా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఆ నవ్వులో నమ్మకం లేదు. అయినా ఆ మాత్రం నవ్వు విని చాలా రోజులైంది.

నా చేతిలో ఉన్నవే చెప్పాను. కరెంటు పెట్టె తెరవడానికి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు, ఇద్దరు లేకపోతే ఆ పని ఆగాలి. ఆరు రోజుల్లో ముగించాల్సిన గడ్డి కోతకు ఇకనుంచి పది రోజులు. ఇంతమందితో ఇంతే పని అవుతుందని హెడ్డాఫీసుకు రాశాను. ఫోనులో బాగా తిట్లు తిన్నాను, కానీ రాసింది వెనక్కు తీసుకోలేదు. ఆ రోజు రిజిస్టరులో మొదటి ఫాల్టు నేనే రాశాను: మూడో వరస జాయింటు కాలింది, నాలుగు రోజులు చూడనిది ఇన్‌ఛార్జి. కింద సంతకం పెట్టాను. రెండు రోజులు నా గీత ఒక్కటే ఉంది. మూడో రోజు దాని కింద పెన్సిలుతో ఒక వాక్యం వచ్చింది, పేరు లేకుండా. పేరు అడగలేదు. ఆ ఫాల్టును మధ్యాహ్నంలోపే బాగు చేయించాను.

ఆదివారం నాగలమడికకు వెళ్ళాను. అతను ఇంటి ముందు మోటారు విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"మూడో వరస చివర జాయింటు కాలిందా సార్?" అన్నాడు.

"నీకెట్ల తెలుసు?"

"వేడెక్కుతా ఉండాదని మూడుసార్లు రాసినా కదా."

"నీ పేరు ఇచ్చింది నేనే" అన్నాను.

"తెలుసు. ఊరంతా తెలుసు." స్పానరు కింద పెట్టాడు. "మీరు వచ్చి చెప్తే ఉద్యోగం వస్తాదా?"

"రాదు. అడిగాను, కుదరదన్నారు."

"అట్లయితే ఒక కాగితం రాసియ్యండి. పక్క బ్లాకోళ్ళు మనుషుల్ని తీసుకుంటారంట. నేను ఫాల్టు కనిపెట్టేవాణ్ణని రాయండి. మంచోణ్ణని రాయొద్దు, దాంతో పనేం లేదు."

అక్కడే కూర్చుని రాశాను. వాళ్ళావిడ గడపలోనే నిలబడి ఉంది. మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. అడగకపోవడం న్యాయమే అనిపించింది.

సోమవారం ఆ కాగితం నేనే పక్క బ్లాకు ఇంజినీరు చేతిలో పెట్టాను. తిరిగి వచ్చి పాత రిజిస్టరు మొదటి పేజీ తెరిచాను. అతను రాసినవాటిలో నేను చూడకుండా వదిలేసినవన్నీ వేరే కాగితం మీద దించుకుని, పెద్ద టెక్నీషియన్‌ను వెంటబెట్టుకుని, ఒక్కో వరసకు నడవడం మొదలుపెట్టాను. బాగు చేసిన ప్రతి చోటా గుడ్డ ఉంటే నా చేత్తో విప్పాను. సాయంత్రానికి అతని రాతకు ఎదురుగా తొమ్మిది సంతకాలు పెట్టగలిగాను. ఇంకా చాలా ఉన్నాయి.